మైకులో గాలి హోరు: వడపోత, మరమ్మతు

ఆరుబయట రికార్డు చేసిన మాటల వెనుక వినిపించే గుబగుబ శబ్దం చెవికి వినబడిన గాలి చప్పుడు కాదు. ఆకుల గలగల, తీగల ఈల వంటివి నిజంగా గాలిలో ప్రయాణించి వచ్చిన ధ్వనులు. హోరు అలా రాదు, మైకు దగ్గరే పుడుతుంది. వీచే గాలి మైకు ముఖానికీ దాని అంచులకూ తగిలి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల వల్ల మైకు పొర మీద ఒత్తిడి క్షణక్షణానికీ మారుతుంది. అది ధ్వని తెచ్చిన ఒత్తిడో, గాలి తెచ్చిన ఒత్తిడో పొరకు తేడా తెలియదు. అందుకే అదే చోట నిలబడిన మనిషికి హాయిగా అనిపించిన గాలి రికార్డింగులో ఉరుములా వినబడుతుంది. గాలి వేగం రెట్టింపయితే ఈ ఒత్తిడి దాదాపు నాలుగు రెట్లు, అంటే 12 డెసిబెల్స్ మేర పెరుగుతుంది.

ఈ హోరుకు ఒక స్వభావం ఉంది, దాన్ని తగ్గించే పని అంతా దానిమీదే ఆధారపడుతుంది. దాని బలంలో అధిక భాగం అడుగు ఫ్రీక్వెన్సీల్లోనే ఉంటుంది. కొన్ని హెర్ట్జ్‌ల నుంచి నూరు, నూటయాభై హెర్ట్జ్‌ల దాకా దట్టంగా ఉండి, పైకి వెళ్లేకొద్దీ పలచబడుతుంది. నిలకడగా వీచే గాలి ఇంతటితో ఆగుతుంది. విసురుగా కొట్టినప్పుడు మాత్రం మూడు, నాలుగు వందల హెర్ట్జ్‌ల దాకా ఎగబాకుతుంది. ఎప్పుడూ ఉండే అడుగు హోరుకు ఒక వైద్యం, ఆగి ఆగి వచ్చే విసురులకు వేరొక వైద్యం. మొదటిది హై-పాస్ ఫిల్టర్, రెండోది స్పెక్ట్రల్ రిపేర్.

ఒక ఉదాహరణ తీసుకుందాం. పొలం గట్టు మీద కూర్చుని ఒక పెద్దాయన తన ఊరి చెరువు కథ చెబుతున్నారు. చేతి రికార్డర్, స్టీరియో మైకు, పైన పలుచని స్పాంజి తొడుగు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ ఫైలు. దీన్ని ఫోన్ స్పీకర్లో వింటే పెద్ద లోపమేమీ కనబడదు. ఆ చిన్న స్పీకర్ అంత అడుగు శబ్దాన్ని పలికించనే లేదు. అదే ఫైలును హెడ్‌ఫోన్‌లో వింటే హోరు తల నింపేస్తుంది. కాబట్టి ఈ పని ఎప్పుడూ హెడ్‌ఫోన్‌తోనే చేయాలి, స్పెక్ట్రోగ్రామ్ చూస్తూ చేయాలి. స్పెక్ట్రోగ్రామ్‌లో అడ్డంగా కాలం, నిలువుగా ఫ్రీక్వెన్సీ ఉంటాయి. ఎక్కడ బలం ఎక్కువో అక్కడ వెలుగు ఎక్కువ. పెద్దాయన గొంతు 120 హెర్ట్జ్ దగ్గర ఒక గీతగా, దాని పైన 240, 360, 480 దగ్గర మరిన్ని గీతలుగా మెట్లు కట్టినట్టు కనిపిస్తుంది. గాలి మాత్రం అడుగున పరుచుకున్న వెలుగు చాపలా ఉంటుంది. మధ్యమధ్య దాన్నుంచి పైకి లేచిన మచ్చలే విసురులు.

హై-పాస్ ఫిల్టర్ చేసేది ఒకటే: ఒక హద్దు పైనున్న ఫ్రీక్వెన్సీలను వదిలిపెట్టి, కిందివాటిని తగ్గిస్తుంది. ఆ హద్దు పేరు కటాఫ్. అయితే అది కత్తితో కోసినట్టు ఉండదు, వాలుగా దిగుతుంది. ఆ వాలును ఆక్టేవ్‌కు ఇన్ని డెసిబెల్స్ అని చెబుతారు. ఆక్టేవ్ అంటే ఫ్రీక్వెన్సీ సగం కావడం. కటాఫ్ 80 హెర్ట్జ్, వాలు 24 డెసిబెల్స్ అనుకుంటే, 40 హెర్ట్జ్ దగ్గరి హోరు దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. 20 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి రెండువందల యాభయ్యో వంతు మాత్రమే మిగులుతుంది. పెద్దాయన గొంతులోని 120 హెర్ట్జ్ గీతకు మాత్రం దాదాపు ఏమీ కాదు.

ఉచితంగా దొరికే ఆడాసిటీలో High-Pass Filter తెరిచి, Frequency దగ్గర 80, Roll-off దగ్గర 24 dB ఎంచుకుంటే పని అయిపోతుంది. ఫైళ్లు చాలా ఉంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆదేశం తేలిక:

```
ffmpeg -i polam.wav -af "highpass=f=80,highpass=f=80" -c:a pcm_s24le out.wav
```

ఇందులో ఫిల్టర్‌ను రెండుసార్లు రాయడానికి కారణం ఉంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లోని highpass ఒక్కసారికి ఆక్టేవ్‌కు 12 డెసిబెల్స్ మాత్రమే తగ్గిస్తుంది. రెండు కలిస్తే 24 అవుతుంది. చివరి భాగం రాయకపోతే ఫైలు 16 బిట్లకు దిగిపోతుంది.

కటాఫ్‌ను 80 దగ్గరే ఎందుకు ఆపాలి, 200 దాకా జరిపితే గాలి ఇంకా పోతుంది కదా అనిపిస్తుంది. పోతుంది, కానీ గొంతు కూడా పలచబడుతుంది. మగవారి గొంతులో అడుగు గీత సాధారణంగా 85 నుంచి 155 హెర్ట్జ్ మధ్య, ఆడవారిలో 165 నుంచి 255 మధ్య ఉంటుంది. ఆ గీత పోయినా మాట అర్థమవుతుంది. పాతకాలపు టెలిఫోన్ 300 హెర్ట్జ్ కింద ఏమీ పంపేది కాదు, అయినా అవతలి మనిషి మగో ఆడో తెలిసేది. పై గీతల మధ్య దూరాన్ని బట్టి చెవి అడుగు గీతను తానే ఊహించుకుంటుంది. కాబట్టి అర్థం కోసమే అయితే కటాఫ్ పెంచుకోవచ్చు. కథ చెప్పే మనిషి గొంతులోని నిండుదనం కూడా కావాలనుకుంటే మగ గొంతుకు 80 నుంచి 100, ఆడ గొంతుకు 120 నుంచి 150 దగ్గర ఆగడం మేలు. పక్షుల కూతలు రికార్డు చేసేవారికి ఈ ఇబ్బంది తక్కువ. చిన్న పక్షుల్లో చాలావాటి పాట వెయ్యి హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది గనుక వాళ్లు కటాఫ్‌ను ధైర్యంగా పెంచగలరు, గుడ్లగూబల జోలికి వెళ్లనంతవరకు.

వరుసక్రమం కూడా ముఖ్యం. శబ్దం పెంచడం, కంప్రెసర్ వాడటం వంటివన్నీ ఫిల్టర్ తర్వాతే. ముందు కంప్రెసర్ పెడితే, అది వినిపించని అడుగు హోరుకు స్పందించి ప్రతి విసురుకూ గొంతును కిందికి నొక్కేస్తుంది. మాట ఊగిసలాడుతున్నట్టు వినబడితే కారణం చాలాసార్లు ఇదే.

ఫిల్టర్ వేశాక చాప పోతుంది, మచ్చలు మిగులుతాయి. వీటికి నాయిస్ రిడక్షన్ వాడాలని చాలామందికి తోస్తుంది. మౌనంగా ఉన్న చోటు నుంచి శబ్దపు నమూనా తీసుకుని, దాన్ని మొత్తం ఫైలులోంచి తగ్గించే పద్ధతి అది. ఫ్యాను చప్పుడు లాగా ఒకే తీరున సాగే శబ్దానికి బాగా పనిచేస్తుంది. గాలి విసురు మాత్రం ఏ రెండుసార్లూ ఒకేలా ఉండదు. అందుకే ఒక్కో మచ్చనూ విడిగా పట్టుకోవాలి.

స్పెక్ట్రల్ రిపేర్‌లో చేసేది అదే. స్పెక్ట్రోగ్రామ్ మీద మచ్చ చుట్టూ ఒక పెట్టె గీస్తారు. ఉదాహరణకు 80 నుంచి 350 హెర్ట్జ్ ఎత్తు, అర సెకను వెడల్పు. ఐజోటోప్ ఆర్ఎక్స్‌లోని Spectral Repair కు రెండు ముఖ్యమైన దారులున్నాయి. Attenuate పెట్టెలోని బలాన్ని దాని ముందూ వెనుకా ఉన్న భాగంతో పోల్చి, ఎక్కువగా ఉన్నదాన్ని చుట్టుపక్కల స్థాయికి దించుతుంది. Replace పెట్టెలో ఉన్నది పూర్తిగా తీసేసి, చుట్టుపక్కల నుంచి ఊహించినదానితో నింపుతుంది. మాట ఉన్న చోట Replace వాడకూడదు. అది గాలితో పాటు మాటనూ తుడిచేస్తుంది. గాలికి Attenuate తగినది. ఆడాసిటీ వాడేవారు స్పెక్ట్రోగ్రామ్‌లో పెట్టె గీసి Spectral edit parametric EQ తో ఆ భాగాన్ని మాత్రమే కొన్ని డెసిబెల్స్ తగ్గించుకోవచ్చు. ఎంత తగ్గించాలో అక్కడ చెవితో నిర్ణయించుకోవాలి.

పెద్దాయన రికార్డింగులో మొదటి విసురు సరిగ్గా “చెరువు” అన్న మాట మీద పడిందనుకుందాం. ఆ మాటలో “చ” బలం రెండు మూడు వేల హెర్ట్జ్‌ల దగ్గర ఉంటుంది గనుక దానికి దెబ్బ తగలదు. “రు”, “వు” రెండింటిలోనూ ఉన్న ఉకారమే కష్టం. ఉ, ఈ వంటి అచ్చులకు గుర్తింపునిచ్చే మొదటి బలమైన భాగం 300 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, అంటే విసురు ఎగబాకే చోటే. “ఆ” పలికినప్పుడైతే ఆ భాగం 700 దగ్గరికి జరుగుతుంది. కాబట్టి ఇదే విసురు “చావడి” మీద పడి ఉంటే నిశ్చింతగా తగ్గించవచ్చు, “చెరువు” మీద పడితే ఆచితూచి నడవాలి. ఇక్కడ ఒక పెద్ద పెట్టెకు బదులు రెండు చిన్నవి గీయడం మంచిది. 80 నుంచి 200 దాకా ఉన్నదాన్ని గట్టిగా, 200 నుంచి 350 దాకా ఉన్నదాన్ని సగం బలంతో తగ్గించాలి. కొంత గాలి మిగులుతుంది, మిగలనివ్వాలి. పొలం గట్టు మీద మనిషికి కాస్త గాలి వినబడటం ఎవరికీ తప్పుగా తోచదు.

పెట్టె గీసే ముందు స్పెక్ట్రోగ్రామ్ విండో పరిమాణం చూసుకోవాలి. 48 కిలోహెర్ట్జ్ ఫైలులో 2048 పెడితే ఒక్కో గడి 23 హెర్ట్జ్ ఉంటుంది, అడుగున గొంతు గీతలు మందంగా, మసకగా కనబడతాయి. 4096 పెడితే అవి మరింత స్పష్టంగా తేలతాయి. ఇంకా పెంచితే గీతలు సన్నబడతాయి గానీ, విసురు ఎక్కడ మొదలైందో చెదిరిపోతుంది.

రెండో విసురు ఎడమ చానల్లో మాత్రమే కనబడిందనుకుందాం. ఇది అరుదేమీ కాదు. గాలి సుడులు చిన్నవి, ఒక మైకు దగ్గర పుట్టింది పక్క మైకు దగ్గర ఉండకపోవచ్చు. మాట మాత్రం రెండింటికీ ఒకేలా చేరుతుంది. అప్పుడు మరమ్మతే అక్కర్లేదు. ఆ అర సెకను అడుగు భాగాన్ని కుడి చానల్ నుంచి తెచ్చి ఎడమలో అతికిస్తే చాలు. ఏ సాఫ్ట్‌వేర్ ఊహకన్నా ఇది నికార్సైన మందు.

మితిమీరితే ఎలా తెలుస్తుంది? మాట చుట్టూ నీటి బుడగల్లాంటి చప్పుడు వస్తే బలం ఎక్కువైందని. నేపథ్యంలోని పురుగుల రొద ఒక్కసారిగా మాయమై మళ్లీ వస్తే పెట్టె మరీ పైదాకా గీశారని. గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటే కటాఫ్ పెంచేశారని. మరమ్మతు చేసిన చోటును ముందూ వెనుకా అయిదు సెకన్లతో కలిపి వినాలి. విడిగా వింటే అంతా బాగానే ఉన్నట్టు తోస్తుంది.

మూడో విసురు వీటన్నిటికీ లొంగదు. అది రికార్డర్ భరించగల స్థాయిని దాటింది. తరంగం పైభాగం బల్లపరుపుగా తెగిపోయి కనిపిస్తుంది. స్పెక్ట్రోగ్రామ్‌లో అడుగు నుంచి పైదాకా నిలువు చారలు పడతాయి. మాట గాలి తరంగం మీద అలపై పడవలా ఎక్కి వస్తుంది. ఆ అల శిఖరం తెగిన చోట పడవ కూడా లేదు. ఫిల్టర్ తీసేయగలిగేది అడుగు హోరునే గానీ, తెగడం వల్ల పైన పుట్టిన చిటపటలను తీయలేదు, పోయిన మాటను తేలేదు. డీ-క్లిప్ సాధనాలు తెగిన శిఖరాన్ని ఊహించి గీస్తాయి. మిల్లీసెకన్ల కోతకు అవి పనికొస్తాయి, పొడవాటి విసురుకు కాదు.

కాబట్టి లో-కట్ మీట రికార్డర్లో ఎక్కడ పనిచేస్తుందో తెలుసుకోవాలి. శబ్దం అంకెలుగా మారకముందే కోస్తే ఈ తెగడాన్ని ఆపగలదు, మారాక కోస్తే ఆపలేదు. మైకు మీదే ఉన్న మీట సాధారణంగా మొదటి రకం. స్పాంజికి బదులు బొచ్చు తొడుగు వేస్తే మైకు దగ్గర గాలి వేగమే తగ్గుతుంది. రికార్డు చేస్తున్నంతసేపూ హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. చిటపట వినబడగానే గాలికి వీపు పెట్టి, ఆ వాక్యాన్ని పెద్దాయన చేత మరోసారి చెప్పించుకోండి.