పైపు కాదు, అతుకు

పెద్ద ఆసుపత్రుల్లో, ఐటీ క్యాంపస్‌లలో చిల్లర్లన్నీ ఒకే చోట ఉంటాయి. అక్కడ 7 డిగ్రీల దాకా చల్లబడిన నీరు భూమిలోని పైపుల్లో ఒక్కో భవనానికీ వెళ్లి, కాస్త వేడెక్కి తిరిగొస్తుంది. ఆ పైపు ఫ్యాక్టరీలోనే మూడు పొరలతో తయారవుతుంది. లోపల ఉక్కు గొట్టం, దాని చుట్టూ గట్టిపడిన పాలీయురేథేన్ నురుగు, పైన హెచ్‌డీపీఈ తొడుగు.

టెండరు పత్రాల్లో దీని స్పెసిఫికేషన్ చదివితే ఉక్కు రకం, నురుగు సాంద్రత, తొడుగు మందం అన్నీ వివరంగా కనిపిస్తాయి. అవి ఫ్యాక్టరీ చూసుకునే సంగతులు. నేనైతే ముందు అతుకుల పేజీ తీస్తాను. 12 మీటర్ల పైపులతో 600 మీటర్ల దారి వేస్తే పోయే లైనులో 49, వచ్చే లైనులో 49 అతుకులు పడతాయి. వెల్డింగ్ కోసం ప్రతి పైపు కొసన ఉక్కును వట్టిగా వదిలేస్తారు. ఆ ఖాళీని గోతిలో, దుమ్ములో కూర్చుని మనుషులే నింపాలి.

అక్కడ సన్నని సందు మిగిలినా చాలు. విశాఖలో గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్న రోజున 28 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేనిమీదైనా చెమ్మ పడుతుంది. వేడినీటి పైపైతే ఆ వేడికే తేమ కొంత బయటికి పోతుంది. చల్లనీటి పైపు తేమను లోపలికే లాక్కుంటుంది, చేరిన తడి ఆరదు. నురుగు పనికిరాకుండా పోతుంది, ఉక్కు బయటివైపు నుంచి తుప్పు పడుతుంది.

అందుకే పని వరుస ముఖ్యం. వెల్డింగ్ అయ్యాక అతుకులను కప్పకుండానే నీటి పరీక్ష చేయాలి. లైను 10 బార్ల మీద నడిచేదైతే సాధారణంగా 15 బార్లకు పంపు చేసి, కొన్ని గంటలు నిలిపి, ప్రతి వెల్డునూ కళ్లతో చూడాలి. ముందు గాలంతా వదిలేయాలి. గాలి మిగిలితే స్ప్రింగులా సాగి చిన్న లీకును దాచేస్తుంది. ఆ తర్వాతే అతుకు మీద స్లీవు తొడిగి, దానిలోకి కొద్దిపాటి గాలి ఒత్తిడి ఎక్కించి, అంచులకు సబ్బునీళ్లు పూస్తారు. బుడగ రాకపోతే నురుగు పోస్తారు.

సబ్మిటల్స్ అంటే పని మొదలయ్యే ముందు, జరిగేటప్పుడు కాంట్రాక్టరు ఇవ్వాల్సిన కాగితాలు. వాటిలో అతుకుల స్థానాలు చూపే డ్రాయింగు, వెల్డర్ల అర్హత పత్రాలు, స్లీవు వివరాలు, ప్రెషర్ గేజ్ కాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. చివర్లో వచ్చే పరీక్ష రిపోర్టులో ఒత్తిడితో పాటు నీటి ఉష్ణోగ్రత కూడా రాయించాలి. గాలి లేకుండా నింపి మూసిన ఉక్కు లైనులో నీరు ఒక్క డిగ్రీ వేడెక్కితే ఒత్తిడి దాదాపు 4 బార్లు పెరగవచ్చు. అందుకే ఎండలో సిబ్బంది గేజ్ మీద కన్నేసి, అవసరమైతే కొంచెం నీరు వదలాలి. ఎండలో ఉన్న లైనుకు ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా గంట గంటకూ 15 అనే రాసుంటే, ఆ గేజ్‌ను ఎవరూ చూడలేదనే నేను అనుకుంటాను.