ఐదుసార్లు బొమ్మ పడింది.. ఆరోసారి బొరుసేనా?

2025 డిసెంబరు 6, శనివారం. విశాఖపట్నంలో భారత్, దక్షిణాఫ్రికా మూడో వన్డే. టాస్ వేసే టైమ్‌కి ఇక్కడ మెదక్ రాందాస్ చౌరస్తాలో చాయ్ తాగుతున్నవాళ్ల కళ్లు కూడా ఫోన్ల మీదే ఉన్నాయి. ఎందుకంటే అప్పటికి వన్డేల్లో మనవాళ్లు వరసగా 20 టాస్‌లు ఓడిపోయారు. 2023 నవంబరు 19న అహ్మదాబాద్‌లో వరల్డ్ కప్ ఫైనల్‌తో మొదలైంది ఆ వరస. మధ్యలో రోహిత్, రాహుల్, గిల్.. ముగ్గురు కెప్టెన్లు మారినా ఆగలేదు. 2025 చాంపియన్స్ ట్రోఫీలో ఐదుకి ఐదు టాస్‌లూ పోయాయి (కప్పు మాత్రం మనకే వచ్చింది, అది వేరే సంగతి).

విశాఖలో కేఎల్ రాహుల్ ఈసారి ఎడమ చేత్తో నాణెం ఎగరేశాడు. గెలిచాడు! ఇక చూడండి.. "ఇరవైసార్లు పోయింది గదరా, ఈసారి మనదే అని నేను చెప్పిన్నా, లేదా?" అనేవాళ్లు ఊరికి పదిమంది.

చెప్పే ఉంటారు. కానీ ఐదు టాస్‌లు పోయిన దగ్గర్నుంచీ ప్రతిసారీ ఇదే మాట అన్న ఫ్రెండ్ ఒకడు మీకు ఉన్నాడనుకోండి. ఆరో టాస్ నుంచి 21వ టాస్ దాకా మొత్తం 16 సార్లు అని ఉంటాడు. అందులో 15 సార్లు తప్పాడు. చివరిసారి నిజమైంది కాబట్టి అదొక్కటే గుర్తుంటుంది.

సరే, లెక్క చూద్దాం. రూపాయి బిళ్ల ఒకటి తీసుకోండి. సింహాలున్న వైపు బొమ్మ, అంకె ఉన్న వైపు బొరుసు. ఒకసారి ఎగరేస్తే రెండే దారులు. రెండుసార్లు ఎగరేస్తే నాలుగు: బొమ్మ-బొమ్మ, బొమ్మ-బొరుసు, బొరుసు-బొమ్మ, బొరుసు-బొరుసు. ఎగరేసిన ప్రతిసారీ దారులు రెట్టింపవుతాయి కాబట్టి మూడుసార్లకు 8, ఆరుసార్లకు 64. బిళ్ల మంచిదైతే ఈ 64 వరసల్లో దేనికీ ఎక్కువ, తక్కువ ఉండదు. ఒక్కోదానికి 64లో ఒక వంతు అవకాశం.

ఇప్పుడు ఆ 64లో మొదటి ఐదూ బొమ్మలే ఉన్నవి ఎన్ని? రెండే రెండు. ఒకదాని చివర బొమ్మ, ఇంకోదాని చివర బొరుసు.

చాలామంది తడబడేది ఇక్కడే. "వరసగా ఆరు బొమ్మలు పడటం అరుదు కదా" అంటారు. అరుదే. 64లో ఒకటి. కానీ "ఐదు బొమ్మలు, చివర బొరుసు" కూడా సరిగ్గా అంతే అరుదు! ఆరు బొమ్మలు చూడగానే వింతగా అనిపిస్తాయి, రెండోది మామూలుగా కనిపిస్తుంది. బిళ్లకు ఆ తేడా తెలీదు. పైగా ఐదు బొమ్మలు పడిపోయాక మిగతా 62 వరసలు ఆటలోనే లేవు. మిగిలినవి రెండు, రెండూ సమానం. అంటే బొరుసుకు సగం అవకాశం. మొదటిసారి ఎంతో, ఇప్పుడూ అంతే.

టాస్‌కూ ఇదే లెక్క. 20 టాస్‌లు వరసగా ఓడే అవకాశం 10,48,576లో ఒకటి. అయితే ఆ పెద్ద అంకె, మొదటి నాణెం ఇంకా గాల్లోకి లేవక ముందు చెప్పుకోవాల్సింది. ఇరవై అయిపోయాక విశాఖలో రాహుల్ చేతిలో ఉన్నది ఒక్క టాస్. దానికి సగానికి సగం. ఎడమ చెయ్యి అయినా, కుడి చెయ్యి అయినా!

మరి చివరికి సమానం అవ్వాలి కదా?

"ఎక్కువసార్లు ఎగరేస్తే సగం బొమ్మలు, సగం బొరుసులు వస్తాయని బళ్లో చెప్పారుగా? ఐదు బొమ్మలు ఎక్కువ పడ్డాయంటే, ఆ అప్పు తీరడానికి ఇప్పుడు బొరుసులు రావాలి" అనొచ్చు మీరు. వినడానికి బాగుంది. కానీ సమానం అయ్యేది అప్పు తీరడం వల్ల కాదు. ఆ అప్పు చిన్నదైపోవడం వల్ల.

ఐదు బొమ్మల తర్వాత ఇంకో 100 సార్లు ఎగరేశారనుకోండి. సుమారుగా 50 బొమ్మలు, 50 బొరుసులు పడతాయి. మొత్తం 105లో 55 బొమ్మలు, అంటే 52.4 శాతం. 100కి బదులు 1000 సార్లయితే 1005లో 505, అంటే 50.2 శాతం. 10,000 సార్లకు 50.02 శాతం. బిళ్ల ఏమీ సర్దలేదు. ఆ మొదటి ఐదు అక్కడే ఉన్నాయి. చెంబుడు నీళ్లలో వేసిన చెంచాడు ఉప్పునే చెరువులో కలిపినట్టు, పక్కన పడ్డవాటి సంఖ్య పెరిగి తెలీకుండా పోయాయంతే.

డబుల్ చేసుకుంటూ పోతే?

ఇది నమ్మేవాళ్లకు బాగా నచ్చే ఐడియా ఒకటుంది. (తెలంగాణలో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం 2017 నుంచే నిషేధం. అయినా ఆడేవాళ్లు ఆడుతూనే ఉన్నారు.) బొరుసు మీద 100 రూపాయలు పెట్టు. పోతే 200. మళ్లీ పోతే 400. ఎప్పుడో ఒకసారి బొరుసు పడాల్సిందే, పడగానే పోయిందంతా వచ్చి పైన 100 మిగులుతుంది. ఐదుసార్లు పోయాక ఆరోది "గ్యారంటీ" అనిపిస్తుంది కాబట్టి భయం కూడా ఉండదు.

ఐదుసార్లకు పోయింది 3100. ఆరో పందెం 3200. గెలిస్తే మిగిలేది 100, పోతే మొత్తం 6300 గోవిందా. జేబులో అంతకుమించి లేనివాడు అక్కడితో ఆగిపోవాలి. ఇలా 64 విడతలు ఆడితే సగటున 63సార్లు వందేసి వస్తుంది, అంటే 6300. ఒకసారి ఆరూ పోతాయి, అంటే 6300. చేతికొచ్చింది సున్నా. అది కూడా నడిపించేవాడు కమిషన్ తీసుకోకపోతే.

జేబులో ఎంతున్నా పర్లేదంటారా? అహ్మదాబాద్ ఫైనల్ నుంచి "టాస్ మనదే" అని 100తో మొదలుపెట్టి డబుల్ చేసుకుంటూ వచ్చినవాడికి 20 టాస్‌లు అయ్యేసరికి పోయింది 10 కోట్ల 48 లక్షల 57 వేల 500 రూపాయలు. విశాఖలో ఇంకో పదిన్నర కోట్ల దాకా పెట్టాలి. గెలిస్తే వచ్చే లాభం? వంద రూపాయలు!

అన్ని ఆటలూ ఇలా ఉండవు. తంబోలాలో ఒకసారి తీసిన నంబర్ మళ్లీ రాదు. సంచిలో ఐదు ఎర్ర గోలీలు, ఐదు నల్ల గోలీలు ఉంటే, ఐదూ ఎర్రవే తీశాక ఆరోది కచ్చితంగా నల్లదే. అక్కడ తీసినకొద్దీ సంచి ఖాళీ అవుతుంది. బిళ్లలో ఖాళీ అయ్యేది ఏదీ లేదు.

ఇంకో అనుమానం కూడా పెట్టుకోవాలి. అసలు బిళ్ల మంచిదేనా? 'షోలే'లో అమితాబ్ జేబులో ఉన్నది రెండు వైపులా బొమ్మే ఉన్న నాణెం. ఓ డబ్బాలో 32 మామూలు బిళ్లలు, అలాంటి షోలే బిళ్ల ఒకటి కలిపి పెట్టామనుకోండి. 33 బిళ్లల్నీ తలా ఐదుసార్లు ఎగరేస్తే, మామూలు 32లో సగటున ఒకదానికి ఐదూ బొమ్మలే పడతాయి. షోలే బిళ్లకు ఎలాగూ పడతాయి. అంటే చూడకుండా తీసిన బిళ్లకు వరసగా ఐదు బొమ్మలు పడితే, అది దొంగ బిళ్ల అయ్యే అవకాశం సగం. అప్పుడు ఆరోసారి కూడా బొమ్మే పడే అవకాశం ముప్పావు వంతు. బొరుసుకు మిగిలేది పావు వంతే.