పిల్లల మందుకు కిలోల లెక్క

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికలో మూడేళ్లు నిండిన మగపిల్లవాడి బరువుకు మధ్యస్థ విలువ 14.3 కిలోలు. అయితే 11.3 కిలోలున్నవాడూ, 18.3 కిలోలున్నవాడూ ఆ పట్టిక ప్రకారం మామూలు పరిధిలోనే ఉన్నట్టు. తిండి చాలక చిక్కిపోయిన పిల్లలు పది కిలోల దగ్గరే ఆగిపోతారు. వీళ్లందరి వయసూ ఒకటే. "మూడేళ్ల పిల్లలకు ఇంత" అని ఒకే కొలత చెబితే అది ఎవరికో ఒకరికి ఎక్కువవుతుంది, మరొకరికి చాలదు. పిల్లల డాక్టర్లు మందు రాసేముందు తూకం యంత్రం మీద నిలబెట్టేది అందుకే.

మింగిన మందు పేగుల నుంచి రక్తంలోకి చేరి, అక్కడి నుంచి ఒంట్లోని నీటిలోకి, కండరాల్లోకి విస్తరిస్తుంది. అది పని చేస్తుందా, హాని చేస్తుందా అన్నది ఎంత మింగారన్న దానికన్నా రక్తంలో ఎంత చిక్కగా ఉందన్న దాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. గ్లాసుడు నీళ్లలో వేసిన చెంచా ఉప్పుకూ, బిందెడు నీళ్లలో వేసిన చెంచా ఉప్పుకూ ఉన్న తేడా ఇదే. మందు విస్తరించే చోటు శరీరంతో పాటే పెరుగుతుంది. ఆ చోటు ఎంతో ఇంచుమించుగా చెప్పే కొలతల్లో తేలికైనది బరువు. వయసు ఆ బరువుకు ఒక అంచనా మాత్రమే. తూకం దొరకనప్పుడు అంచనాతో సరిపెట్టుకోవచ్చు కానీ, దొరికినప్పుడు దాన్ని వదిలి అంచనాను పట్టుకోవడంలో అర్థం లేదు.

ఇంట్లో ఎక్కువగా వాడే జ్వరం మందు పారాసెటమాల్‌తో ఈ లెక్క స్పష్టంగా కనిపిస్తుంది. పిల్లలకు ఒక్కో మోతాదు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. మోతాదుకూ మోతాదుకూ మధ్య కనీసం నాలుగు గంటలు, మామూలుగా ఆరు గంటలు ఎడం ఉండాలి. రోజుకు నాలుగు సార్లు మించకూడదు. అంటే కిలోకు 15 చొప్పున లెక్కేస్తే, రోజు మొత్తం మీద కిలోకు 60 మిల్లీగ్రాములు.

మూడేళ్ల పిల్లలు ఇద్దరున్నారనుకుందాం. ఒకరి బరువు 10 కిలోలు, ఇంకొకరిది 18. కిలోకు 15 చొప్పున మొదటి బిడ్డకు 150 మిల్లీగ్రాములు, రెండో బిడ్డకు 270 మిల్లీగ్రాములు కావాలి. ఇక్కడితో లెక్క సగమే అయింది. సీసాలోంచి పోసేది మిల్లీగ్రాములు కాదు, మిల్లీలీటర్లు. మన మెడికల్ షాపుల్లో పారాసెటమాల్ సిరప్ రకరకాల గాఢతల్లో దొరుకుతుంది. ఒక సీసాలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాముల మందుంటే, మరొక దానిలో అదే 5 మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. పసిపిల్లల డ్రాప్స్‌లో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములుంటుంది. కాబట్టి పది కిలోల బిడ్డకు 250 రకం సిరప్ అయితే 3 మిల్లీలీటర్లు, 120 రకం అయితే ఆరుకు కాస్త పైన, డ్రాప్స్ అయితే ఒకటిన్నర మిల్లీలీటరు. మూడూ ఒకే మోతాదు. పద్దెనిమిది కిలోల బిడ్డకు 250 రకంలో 5.4 మిల్లీలీటర్లు పడుతుంది.

పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ రెండో సగంలోనే. పెద్దవాడికి రాసిన "ఐదు ఎం.ఎల్." చీటీని చూసి చిన్నవాడికీ అంతే పోస్తారు. ఆ సీసా 250 రకమైతే పది కిలోల బిడ్డకు పడింది కిలోకు 25 మిల్లీగ్రాములు. రోజుకు నాలుగు సార్లయితే కిలోకు 100. సిరప్ కొలతను డ్రాప్స్‌కు వాడితే ఇంకా ప్రమాదం: 5 మిల్లీలీటర్ల డ్రాప్స్ అంటే 500 మిల్లీగ్రాములు, పెద్దవాళ్ల మాత్ర ఒకటి. పైగా దగ్గు, జలుబు మందుల్లో కొన్నింటిలో కూడా పారాసెటమాల్ కలిసి ఉంటుంది. రెండు సీసాలు పక్కపక్కన వాడితే మోతాదు తెలియకుండానే రెట్టింపవుతుంది. వంటింటి చెంచాలు ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. అందుకే సీసాతో వచ్చిన గీతల మూత కానీ, సూది లేని సిరంజి కానీ వాడాలి. చీటీ మీద మిల్లీలీటర్లతో పాటు మందు గాఢత కూడా రాసి ఉందో లేదో చూసుకోవడం చాలా పొరపాట్లను ఆపుతుంది.

ఒకసారి కాస్త ఎక్కువ పడితే పారాసెటమాల్ సాధారణంగా హాని చేయదు. ఆ ఎక్కువ రోజుల తరబడి సాగితేనే భయం. కాలేయం ఈ మందులో చాలా భాగాన్ని హాని లేని పదార్థాలుగా మార్చి మూత్రంలోకి పంపుతుంది. కొద్ది భాగం మాత్రం విషపదార్థంగా మారుతుంది. కాలేయంలో ఉండే గ్లుటాథయోన్ దాన్ని పట్టి విరిచేస్తుంది. మందు మితిమీరితే గ్లుటాథయోన్ నిల్వలు తరిగిపోయి, విషం కాలేయ కణాల మీద పడుతుంది. రెండు మూడు రోజులుగా వాంతులతో ఏమీ తినని బిడ్డలో, పోషణ లేని బిడ్డలో ఆ నిల్వలు ముందే తక్కువ. వయసును చూసి పోసిన కొలత ఎక్కువయ్యేదీ తరచుగా ఇలాంటి బక్కచిక్కిన బిడ్డకే. ఇంకో చిక్కేమిటంటే, మొదటి రోజు వాంతులు, నీరసం తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. డొక్కలో కుడివైపు నొప్పి, కళ్లు పచ్చబడటం తర్వాత వస్తాయి. కాబట్టి మోతాదు బాగా ఎక్కువైందని తెలిసిన వెంటనే, లక్షణాల కోసం ఎదురుచూడకుండా, సీసాతో సహా ఆసుపత్రికి వెళ్లాలి. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. మొదటి గంటల్లో ఇస్తే అది బాగా పనిచేస్తుంది.

బరువొక్కటే అన్నీ చెప్పదు. పుట్టిన కొత్తలో కాలేయం, మూత్రపిండాలు ఇంకా పూర్తిగా పని నేర్చుకోవు. క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌ను నవజాత శిశువులకు బరువు చొప్పునే ఇచ్చినా, వారి కాలేయం దాన్ని వదిలించుకోలేక ఒళ్లు బూడిదరంగుకు మారి శిశువులు చనిపోయిన సంగతి 1959లో వైద్య పత్రికలకెక్కింది. అందుకే తొలి నెలల్లో బరువుతో పాటు వయసును కూడా లెక్కలోకి తీసుకుంటారు. జ్వరం వస్తే ఇంట్లో మందు పోయకుండా డాక్టరుకు చూపించాల్సిన వయసు అది. రెండు మూడేళ్ల పిల్లల్లో పరిస్థితి తిరగబడుతుంది. ఒంటితో పోలిస్తే వారి కాలేయం పెద్దది. కొన్ని మందులను పెద్దల కన్నా వేగంగా వదిలించుకుంటుంది కాబట్టి కిలోకు ఎక్కువే కావలసి వస్తుంది. ఊబకాయం ఉన్న పిల్లల్లో కొవ్వు బరువంతా మందు విస్తరించే చోటు కాదు. అలాంటప్పుడు ఎత్తుకు తగిన బరువుతో లెక్కేస్తారు. ఏ లెక్క వేసినా పెద్దల మోతాదును దాటనివ్వరు.

వయసును బట్టి ఇచ్చేవీ ఉన్నాయి. బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్ ఏడాది నుంచి రెండేళ్ల లోపు వారికి సగం, రెండేళ్లు దాటితే పూర్తిగా ఒకటి. ఒక్క మోతాదే కావడం, అది చాలావరకు పేగుల్లోనే పని చేయడం, హాని కలిగించే మోతాదు చాలా దూరంలో ఉండటం వల్ల అక్కడ తూకం అవసరం పడదు. టీకాలకూ కిలోల లెక్క ఉండదు. అవి రక్తంలో ఫలానా చిక్కదనం దాకా చేరాల్సిన మందులు కావు, రోగనిరోధక వ్యవస్థను మేల్కొలిపేవి.

మిగతా చాలా మందులకు ఆ మధ్యే వేసిన తూకం కావాలి. ఏడాది లోపు బిడ్డ బరువు కొన్ని వారాల్లోనే మారిపోతుంది కాబట్టి ఆర్నెల్ల కిందటి చీటీలోని మిల్లీలీటర్లు ఇప్పటి జ్వరానికి చాలకపోవచ్చు. నిలబడలేని బిడ్డను ఇంట్లో తూచాలంటే పెద్దవాళ్లు ముందు ఒంటరిగా, తర్వాత బిడ్డను ఎత్తుకుని బరువు చూసుకుని, రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే సరి. ఇంటి యంత్రంలో అరకిలో అటూ ఇటూ అయినా పదికిలోల బిడ్డ విషయంలో పారాసెటమాల్ మోతాదు మారేది ఏడెనిమిది మిల్లీగ్రాములే.