లాగ్‌బుక్ నుంచి వైవా దాకా

ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి డిగ్రీ విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ తప్పనిసరి అయింది. పని ముగిశాక రిపోర్టు ఇవ్వాలి, అధ్యాపకుల ముందు నిలబడి చెప్పాలి, వైవాలో ప్రశ్నలు ఎదుర్కోవాలి. చేసిన పనులు, వచ్చిన నైపుణ్యాలు, నేర్చుకున్న పాఠాలు అని మూడు భాగాలు పెట్టుకోవడం మంచి పద్ధతే. కాకపోతే చాలామంది ఆ మూడింటినీ దేనికది విడిగా రాసేస్తారు. నైపుణ్యాల స్లయిడ్‌లో కమ్యూనికేషన్, టీమ్‌వర్క్, ఎక్సెల్ అని ఉంటుంది. ఏ పని చేస్తుంటే ఎక్సెల్ వచ్చిందమ్మా అని మేడమ్ అడిగితే జవాబు ఉండదు. ఒక్క పనిని పట్టుకుని, అందులోంచే నైపుణ్యాన్నీ పాఠాన్నీ చూపిస్తే ఈ ఇబ్బంది రాదు.

ఆ పనిని ఎంచుకోవడానికి లాగ్‌బుక్ తెరవాలి. రోజూ ఏం చేశారో రాసి ఆఫీసులో సంతకం చేయించుకున్న పుస్తకమది. అందులో మళ్లీ మళ్లీ వచ్చిన పనులేవో, మొదట తప్పు వచ్చి తర్వాత సరైన పని ఏదో గుర్తు పెట్టుకోండి. ఆ రెండోదే మీ ప్రజెంటేషన్‌కు వెన్నెముక.

ఆడిటర్ ఆఫీసులో ఇంటర్న్‌షిప్ చేసిన బీకాం అమ్మాయిని ఊహించుకుందాం. బిల్లులు ఫైల్ చేసింది, ట్యాలీలో ఎంట్రీలు వేసింది, జీఎస్టీ లెక్కలు సరిపోల్చింది. మొదటి రెండింటికీ చెరొక వాక్యం చాలు. మూడోదానిలో విషయం ఉంది. వ్యాపారి కొన్న సరుకుల మీద కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవాలంటే, అమ్మినవాళ్లు ఆ బిల్లును తమ రిటర్న్‌లో చూపించి ఉండాలి. అలా చూపించినవి కొన్నవారికి ప్రతి నెలా GSTR-2B అనే పట్టికలో కనిపిస్తాయి. ఆ పట్టికనూ వ్యాపారి కొనుగోలు రిజిస్టర్‌నూ పక్కపక్కన పెట్టి ఏది కలిసిందో, ఏది కలవలేదో తేల్చడం ఆమె పని.

రిజిస్టర్‌లో 240 బిల్లులు ఉన్నాయనుకుందాం. బిల్లు నంబరును బట్టి VLOOKUP పెడితే 212 కలిశాయి. పని అయిపోయిందనుకుని చూపిస్తే, మొత్తాలు కూడా చూడమన్నారు సీనియర్. వాటిలో తొమ్మిది వేరే వ్యాపారుల బిల్లులని అప్పుడు తేలింది. ఇద్దరు వ్యాపారుల దగ్గర 125 అనే నంబరు బిల్లు ఉండటం మామూలే కదా. జీఎస్టీ నంబరునూ బిల్లు నంబరునూ జోడించి మళ్లీ సరిపోలిస్తే 203 నిలిచాయి, 37 మిగిలాయి. ఆ 37లో 19 నంబరు రాసిన తీరులో తేడా వల్ల కలవనివి: ఒకచోట 045, ఇంకోచోట 45. పన్నెండింటికి అమ్మినవాళ్లు ఇంకా రిటర్న్ వేయలేదు. ఆరింటిలో జీఎస్టీ నంబరు తప్పు పడింది. అంటే నంబర్లు సరిచేసిన 19 పోను, మిగతా 18 బిల్లుల క్రెడిట్ ఆ నెల ఆపాలి, అమ్మినవాళ్లకు కబురు పెట్టాలి.

ఇప్పుడు నైపుణ్యం స్లయిడ్ దానంతటదే తయారవుతుంది. ‘ఎక్సెల్ వచ్చు’ అనకుండా ‘రెండు పట్టికలను జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు కలిపి సరిపోల్చగలను, కలవనివాటిని కారణాల వారీగా విడదీయగలను’ అని రాయవచ్చు. పాఠం కూడా అంతే స్పష్టంగా ఉంటుంది: కలిసినట్టు కనిపించిన వరుసల్లోంచి కొన్నింటిని తీసి మొత్తం, తేదీ చూశాకే సరిపోయిందని చెప్పాలి. ‘క్రమశిక్షణ నేర్చుకున్నాను’ అంటే ఏ ఇంటర్న్‌షిప్‌కైనా సరిపోతుంది. ఈ మాట ఈ పని చేసినవాళ్లే చెప్పగలరు. పరీక్షకులు వెతికేది దాన్నే.

పది నిమిషాల సమయం ఇస్తే సంస్థ గురించి ఒక నిమిషం చాలు. దాని చరిత్ర, విజన్, మిషన్ వెబ్‌సైట్ నుంచి ఎత్తి రాసిన స్లయిడ్లు తీసేయండి. పనులన్నీ ఒక స్లయిడ్‌లో రెండు నిమిషాలు, ఎంచుకున్న పని నాలుగు నిమిషాలు, నైపుణ్యం, పాఠం కలిపి రెండు నిమిషాలు. చివరి నిమిషం సర్దుకోవడానికి. పట్టిక చూపించాలంటే అయిదారు వరుసలకు మించకూడదు. క్లయింట్ పేరు, జీఎస్టీ నంబరు, అసలు మొత్తాలు తెర మీద కనిపించకూడదు. ‘వ్యాపారి క’, ‘వ్యాపారి ఖ’ అని పెట్టండి. ఫైలు చూపించవచ్చా అని ఆఫీసులో ముందే అడగడం మర్యాద, అవసరం కూడా.

వైవాలో తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: ఇందులో మీరు చేసిందెంత? పట్టిక దించుకున్నది సీనియర్, సరిపోల్చింది నేను, క్రెడిట్ ఎంత తీసుకోవాలో నిర్ణయించింది ఆడిటర్ గారు, రిటర్న్ దాఖలు నేను చేయలేదు అని హద్దులు గీసి చెప్పండి. దాఖలు కూడా నేనే చేశానంటే తర్వాతి ప్రశ్న పోర్టల్‌లో ఏ పేజీలో ఏముంటుందనే దాని మీదే పడుతుంది.