పది మ్యాచ్‌ల సగటు, ప్రాప్ బెట్ ధర

మ్యాచ్ ఎవరు గెలుస్తారన్న దానిపై కాకుండా, ఒక ఆటగాడి వ్యక్తిగత లెక్క ఎంతకు చేరుతుందన్న దానిపై వేసే పందేన్ని ప్రాప్ బెట్ అంటారు. అమెరికాలో క్రీడా పందేలకు అడ్డుగా ఉన్న కేంద్ర చట్టాన్ని అక్కడి సుప్రీంకోర్టు 2018 మేలో కొట్టేశాక ఇవి చాలా రాష్ట్రాల్లో చట్టబద్ధమయ్యాయి. మన దగ్గర పరిస్థితి వేరు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది. అందుకే ఈ లెక్కను అది నిజంగా నడిచే చోట, అంటే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో చూడాలి.

అక్కడ తరచుగా కనిపించే ప్రాప్ బెట్ త్రీ-పాయింటర్ల మీద ఉంటుంది. దూరపు గీత అవతలి నుంచి వేసి బుట్టలో పడేసిన బంతికి మూడు పాయింట్లు వస్తాయి. ‘ఈ ఆటగాడు 2.5 కంటే ఎక్కువ త్రీ-పాయింటర్లు చేస్తాడా, తక్కువ చేస్తాడా’ అన్నది పందెం. ఆ అర సంఖ్య వల్ల ఫలితం ఎప్పుడూ అటో ఇటో తేలిపోతుంది. మూడు గానీ అంతకు మించి గానీ చేస్తే ‘ఓవర్’ గెలిచినట్టు. దీనికి ధర కట్టాలంటే ‘ఓవర్’ గెలిచే అవకాశం ఎంతో అంచనా వేయాలి. ఆ అంచనాకు రెండు సంఖ్యలు కావాలి: అతడు మ్యాచ్‌కు ఎన్ని త్రీలు ప్రయత్నిస్తాడు, వాటిలో ఎంత శాతం పడతాయి. చిక్కంతా రెండో సంఖ్యతోనే.

సీజన్ మొదలై పది మ్యాచ్‌లు అయ్యాయనుకుందాం. ఒక ఆటగాడు మ్యాచ్‌కు ఆరు చొప్పున 60 త్రీలు ప్రయత్నించి 27 చేశాడు. అంటే 45 శాతం. లీగ్ మొత్తం మీద ఈ సగటు సుమారు 36 శాతం ఉంటుంది. ఇతడు నిజంగానే అంత గొప్ప షూటరా, లేక పది మ్యాచ్‌ల పాటు అదృష్టం కలిసొచ్చిందా? సరిగ్గా 36 శాతం నైపుణ్యం ఉన్న ఆటగాళ్లు వంద మంది తలా 60 సార్లు బంతి వేస్తే, కేవలం యాదృచ్ఛికంగానే వారిలో సుమారు తొమ్మిది మంది 27 లేదా అంతకంటే ఎక్కువ చేస్తారు. లీగ్‌లో వందల మంది ఆడుతుంటారు కాబట్టి, సీజన్ ఆరంభంలో పట్టికలో పైన కనిపించే పేర్లలో కొన్ని అలా అదృష్టం పైకి తెచ్చినవే. అడుగున కనిపించే పేర్ల సంగతీ అంతే.

అందుకే ధర కట్టేవాళ్లు ఆ 45ని ఉన్నదున్నట్టు తీసుకోరు, లీగ్ సగటు వైపు లాగుతారు. లాగే పద్ధతి తేలికే. ప్రతి ఆటగాడి ఖాతాలో, అతడు ఆడకముందే, లీగ్ సగటుతో వేసిన కొన్ని ఊహా ప్రయత్నాలను జమ చేస్తారు. ఎన్ని జమ చేయాలన్నది ఆటగాళ్ల అసలు నైపుణ్యాల మధ్య తేడా ఎంతుందన్న దానిపై ఆధారపడుతుంది. తేడా తక్కువైతే ఎక్కువ జమ చేయాలి. ఒక్కో ఆటగాడి అసలు నైపుణ్యం లీగ్ సగటుకు మామూలుగా 3.1 శాతం పాయింట్ల మేర అటూ ఇటూగా ఉంటుందనుకుంటే, ఆ సంఖ్య సుమారు 240 అవుతుంది. 240 ఊహా ప్రయత్నాల్లో 36 శాతం అంటే 86.4 విజయాలు. అసలు లెక్కను వీటితో కలిపితే:

(27 + 86.4) / (60 + 240) = 0.378

45 శాతం కాస్తా 37.8కి దిగింది. అదే ఆటగాడు 600 ప్రయత్నాల్లో 270 చేసి ఉంటే ఇదే లెక్క 42.4 శాతం చూపేది. సొంత రికార్డు పెరిగేకొద్దీ ఊహా ప్రయత్నాల బరువు తగ్గుతుంది.

ఇప్పుడు ధర సంగతి. ఆరు ప్రయత్నాల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువ పడే అవకాశం 45 శాతం షూటర్‌కు దాదాపు 56 శాతం. 37.8 శాతం షూటర్‌కు అది 41 మాత్రమే. బుక్‌మేకర్ ‘ఓవర్’కు 2.20 ధర ఇచ్చాడనుకుందాం, అంటే రూపాయి పెట్టి గెలిస్తే చేతికి రెండు రూపాయల ఇరవై పైసలు వస్తాయి. ముడి సగటును నమ్మినవాడికి రూపాయికి సుమారు 23 పైసల లాభం కనిపిస్తుంది. లాగిన సగటు ప్రకారం అదే పందెంలో 10 పైసల నష్టం ఉంది. సీజన్ ఆరంభంలో ‘మంచి బేరం’లా కనిపించే పందేల్లో చాలా వాటి వెనుక ఉండేది ఈ తేడానే.

ఈ పద్ధతికి గణితంలో గట్టి పునాది ఉంది. చార్లెస్ స్టైన్ 1956లో చూపిన ఫలితాన్ని బ్రాడ్లీ ఎఫ్రాన్, కార్ల్ మోరిస్ 1970 బేస్‌బాల్ సీజన్‌కు అన్వయించారు. 18 మంది బ్యాటర్ల మొదటి 45 అవకాశాలను మాత్రమే తీసుకుని, ఆ గుంపు సగటు .265 వైపు లాగి, మిగతా సీజన్‌లో వారి ఆటను అంచనా వేశారు. ముడి సగటులతో వేసిన అంచనాలతో పోలిస్తే మొత్తం దోషం మూడో వంతు కంటే తక్కువకు పడిపోయింది.

అయితే ప్రతి ఒక్కరి అంచనా మెరుగుపడుతుందని కాదు. ఆ జాబితాలో పైనున్న రాబర్టో క్లెమెంటే మొదట .400 కొట్టాడు. లెక్క అతణ్ని .290కి లాగింది. మిగతా సీజన్‌లో అతడు .346 కొట్టాడు. ముడి సగటు ఎంత ఎక్కువ చెప్పిందో, లాగిన సగటు ఇంచుమించు అంత తక్కువ చెప్పింది. అప్పటికే నాలుగు సార్లు తన లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచినవాడిని, ఏ చరిత్రా లేని కొత్తవాడితో సమంగా చూడడమే ఇక్కడి లోపం. అందుకే పాత ఆటగాడిని లీగ్ సగటు వైపు కాకుండా అతడి గత సీజన్ల రికార్డు వైపు లాగడం మేలు. కొత్తవాడైతే అదే స్థానంలో ఆడేవారి సగటు తీసుకోవాలి. దూరం నుంచి అరుదుగా వేసే సెంటర్‌ను గార్డుల సగటు వైపు లాగితే అంచనా తప్పుతుంది.

ప్రయత్నాల సంఖ్యకు ఇంత లాగుడు అవసరం లేదు. ఎన్నిసార్లు బంతి వేస్తాడన్నది కోచ్ ఇచ్చే పాత్రను బట్టి ఉంటుంది కాబట్టి కొన్ని మ్యాచ్‌లకే స్పష్టమవుతుంది. కానీ సహచరుడికి గాయమై ఇతడి నిమిషాలు పెరిగితే పాత లెక్క ఏదీ పనికిరాదు, ఆ వార్తను విడిగా కలుపుకోవాలి. పైగా ప్రయత్నాలు ఏ రాత్రీ కచ్చితంగా ఆరే ఉండవు. నాలుగు కావచ్చు, తొమ్మిది కావచ్చు. అసలు ధర కట్టేటప్పుడు ఒక్కో సంఖ్యకు ఉన్న అవకాశాన్ని తీసుకుని సగటు కడతారు.

లాగింది సరిపోయిందో లేదో తేల్చేది పాత సీజన్ల రికార్డే. మొదటి నెల లెక్కలతో అంచనాలు వేసి, మిగతా నెలల ఫలితాలతో పోల్చి చూడాలి. గొప్ప షూటర్లన్న వాళ్లు అంచనా కంటే తక్కువగా, బలహీనులన్న వాళ్లు ఎక్కువగా వేసి ఉంటే లాగింది చాలలేదు, ఊహా ప్రయత్నాలు పెంచాలి. దీనికి తిరగబడితే లాగింది ఎక్కువైంది, తగ్గించాలి. చివరగా, 41 శాతం అని చెప్పిన పందేలన్నీ ఒకచోట చేర్చితే, వందకు 41కి దగ్గరగా గెలిచి ఉండాలి. అలా లేకపోతే తప్పు శాతంలో ఉందా, ప్రయత్నాల అంచనాలో ఉందా అన్నది రెండింటినీ విడివిడిగా సరిచూసి తేల్చుకోవాలి.