పుట్టని మందుకు వెల ఎంత?

2002 జూలైలో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ ఒక మధుమేహం మందు మీద జరుగుతున్న పరీక్షలను అర్ధంతరంగా ఆపేసింది. మందు పేరు రాగాగ్లిటజార్. ఆ మాలిక్యూల్‌ని కనిపెట్టింది హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ పరిశోధకులు. 1998లో నోవోకు లైసెన్సు ఇచ్చారు. మనుషుల మీద మూడో దశ పరీక్షల దాకా వెళ్ళింది. అంతలో ప్రయోగశాలలో దీర్ఘకాలం ఈ మందు తిన్న ఎలుకల మూత్రాశయంలో కణితులు కనిపించాయి. అక్కడితో కథ ముగిసింది.

ఇలా ఎప్పుడు ఆగిపోతుందో తెలియని సరుకును అమ్మేవారు ఎంత అడగాలి? కొనేవారు ఎంత ఇవ్వాలి? మందు ఇంకా లేదు, అమ్మకాలు లేవు, అసలు వస్తుందన్న నమ్మకమూ లేదు. అయినా బేరం కుదరాలంటే ఒక అంకె కావాలి. ఔషధ కంపెనీలు ఆ అంకెను తేల్చడానికి వాడే పద్ధతి పేరు రిస్క్ అడ్జస్టెడ్ ఎన్‌పీవీ.

మామూలు లెక్క ఎక్కడ ఆగిపోతుంది

ఎన్‌పీవీ అంటే నికర ప్రస్తుత విలువ. వచ్చే ఏడాది అందే వంద రూపాయలు ఈరోజు వందతో సమానం కాదు. ఏడాదికి 10 శాతం రాబడి ఆశించేవారికి వాటి విలువ ఈరోజు సుమారు 91 రూపాయలే. ఏడేళ్ళ తర్వాత వచ్చే వందకు విలువ 51 రూపాయలు. ఇలా భవిష్యత్తులో వచ్చేవాటినీ పోయేవాటినీ ఈరోజు విలువకు కుదించి, రాబడిలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేది ఎన్‌పీవీ.

సిమెంటు ఫ్యాక్టరీకి ఈ లెక్క చాలు. కట్టడం మొదలుపెడితే పూర్తవుతుందనే అనుకోవచ్చు. మందు అలా కాదు. దశలవారీగా సాగుతుంది, ప్రతి దశ చివరా ఒక తలుపు ఉంటుంది. అది తెరుచుకోకపోతే తర్వాతి ఆదాయం రాదు, తర్వాతి ఖర్చూ ఉండదు. ఈ రెండో మాటలోనే అసలు కీలకం ఉంది.

తలుపులు ఎంత తరచుగా తెరుచుకుంటాయో అంచనా వేయడానికి పాత రికార్డులున్నాయి. అమెరికా బయోటెక్ కంపెనీల సంఘం బయో 2011 నుంచి 2020 వరకు జరిగిన పరీక్షలను లెక్కగట్టింది. మొదటి దశ దాటినవి 52 శాతం, రెండో దశ దాటినవి 28.9 శాతం, మూడో దశ దాటినవి 57.8 శాతం. అనుమతికి దరఖాస్తు చేసినవాటిలో 90.6 శాతానికి అనుమతి దొరికింది. నాలుగూ హెచ్చిస్తే మొదటి దశలో అడుగుపెట్టిన మందు మార్కెట్‌కు చేరే అవకాశం 7.9 శాతం.

ఒక మాలిక్యూల్‌కు వెల కడదాం

ఈ శాతాలకు దగ్గరగా, గుండ్రని అంకెలతో ఒక ఊహా ప్రాజెక్టును తీసుకుందాం. డిస్కౌంట్ రేటు 10 శాతం.

- మొదటి దశ: ఇప్పుడే మొదలు, ఖర్చు 20 కోట్లు, దాటే అవకాశం 50 శాతం.
- రెండో దశ: ఏడాది తర్వాత, ఖర్చు 60 కోట్లు, అవకాశం 30 శాతం.
- మూడో దశ: మూడేళ్ళ తర్వాత, ఖర్చు 300 కోట్లు, అవకాశం 60 శాతం.
- అనుమతి దరఖాస్తు: ఆరేళ్ళ తర్వాత, ఖర్చు 10 కోట్లు, అవకాశం 90 శాతం.
- విడుదల: ఏడేళ్ళ తర్వాత. పేటెంటు ఉన్నంతకాలం వచ్చే లాభాల మొత్తం, విడుదల నాటి విలువలో 2,400 కోట్లు.

ముందు ఆదాయం సంగతి. ఏడేళ్ళ తర్వాతి 2,400 కోట్లు ఈరోజు విలువలో 1,232 కోట్లు. నాలుగు తలుపులూ దాటే అవకాశం 8.1 శాతం. కాబట్టి లెక్కలోకి వచ్చే ఆదాయం సుమారు 100 కోట్లు.

ఇక ఖర్చులు. ప్రతి ఖర్చునూ ఆ దశకు చేరే అవకాశంతో హెచ్చించాలి, ఆ దశను దాటే అవకాశంతో కాదు. మొదటి దశ 20 కోట్లు ఎలాగూ పెట్టాల్సిందే, అందుకని పూర్తిగా పడుతుంది. రెండో దశ ఖర్చు సగం సందర్భాల్లోనే వస్తుంది, కాబట్టి ఈరోజు విలువలో 27 కోట్లు. మూడో దశకు వందలో పదిహేనుసార్లే చేరతాం, అందుకే 300 కోట్ల భారీ ఖర్చు 34 కోట్లుగా తేలుతుంది. దరఖాస్తుది అర కోటి. అన్నీ కలిపితే దాదాపు 82 కోట్లు. ఆదాయం నుంచి తీసేస్తే మిగిలేది 18 కోట్లు. ఈ మాలిక్యూల్‌కు ఈరోజు వెల అది.

రెండు పొరపాట్లు

కొత్తగా ఈ లెక్క చేసేవారు తరచుగా ఒక అడ్డదారి తొక్కుతారు. అన్నీ గెలిస్తే ఎన్‌పీవీ ఎంతో చూసి, దాన్ని మొత్తంగా 8.1 శాతంతో హెచ్చిస్తారు. మన ఉదాహరణలో అన్నీ గెలిస్తే 926 కోట్లు, అందులో 8.1 శాతం 75 కోట్లు. అసలు విలువకు నాలుగు రెట్లు! తేడా ఎందుకొచ్చిందంటే, ఈ దారిలో మొదటి దశ ఖర్చు కూడా 8.1 శాతమే పడింది. కానీ ఆ 20 కోట్లు మందు గెలిచినా ఓడినా జేబులోంచి పోయేవే. అంకె అనుమానంగా ఉంటే మొదటి దశ ఖర్చు పూర్తిగా తీసేశారా లేదా అని చూస్తే చాలు, పొరపాటు బయటపడుతుంది.

రెండోది దీనికి ఎదురు దిశలో ఉంటుంది. పరిశోధన ప్రమాదకరమైనదని డిస్కౌంట్ రేటును 25 శాతానికి పెంచుతారు. అంతటితో ఆగక అవకాశాల శాతాలు కూడా వేస్తారు. ఓటమి భయాన్ని రెండుసార్లు లెక్కించినట్టే. మన ప్రాజెక్టు అప్పుడు 27 కోట్ల నష్టం చూపిస్తుంది, మంచి మాలిక్యూల్ చెత్తబుట్టలోకి పోతుంది. మందు పనిచేస్తుందా లేదా అన్న ప్రమాదం శాతాల్లోకి వచ్చేసింది. డిస్కౌంట్ రేటులో ఉండాల్సింది పెట్టుబడి ఖరీదు, మార్కెట్ ఒడుదొడుకులు మాత్రమే.

వెనక నుంచి ముందుకు

ఇదే లెక్కను చివరి తలుపు నుంచి వెనక్కి చేసుకుంటూ వస్తే ప్రాజెక్టు నడిచేకొద్దీ విలువ ఎలా మారుతుందో కనిపిస్తుంది. ఈరోజు 18 కోట్లు. మొదటి దశ దాటిన రోజున 84 కోట్లు. రెండో దశ దాటితే 581 కోట్లు. మూడోది కూడా దాటితే 1,954 కోట్లు. రెండో దశ దగ్గర విలువ ఏడు రెట్లు పెరిగింది. ఎందుకంటే మందు రోగం మీద నిజంగా పనిచేస్తుందో లేదో తొలిసారి తేలేది అక్కడే, ఎక్కువ శాతం మాలిక్యూల్స్ పడిపోయేదీ అక్కడే. లైసెన్సు ఒప్పందాల్లో మొదట కొంత చెల్లించి, మిగతాది దశ దాటినప్పుడల్లా ఇస్తామని రాసుకునేది ఈ నిచ్చెనను చూసే.

లెక్క ఎంత సున్నితమైనదో కూడా ఇక్కడే తెలుస్తుంది. రెండో దశ అవకాశం 30 నుంచి 25 శాతానికి తగ్గితే 18 కోట్లు కాస్తా 7 అవుతాయి. 22 శాతం కంటే కిందికి దిగితే అసలు మొదలుపెట్టకూడదు. తమ మందు మీద మమకారంతో శాస్త్రవేత్తలు ఈ ఒక్క అంకెను కాస్త పైకి నెట్టినా చాలు, తీర్పు తారుమారవుతుంది. అందుకే కొనేవాళ్ళు ముందు అదే జబ్బుకు వచ్చిన పాత మందుల రికార్డు చూస్తారు. అంతకంటే ఎక్కువ వేసుకుంటే కారణం అడుగుతారు.

పరీక్షల వరుసకూ ఒక విలువ

ఇప్పుడు ఎలుకల పరీక్ష దగ్గరికి వద్దాం. క్యాన్సర్ వస్తుందేమో చూసే ఈ పరీక్షకు రెండేళ్ళు పడుతుంది. మామూలుగా మనుషుల మీద పరీక్షలతో పాటు సమాంతరంగా సాగుతుంది కాబట్టి ఫలితం ఆలస్యంగా వస్తుంది. మన ఊహా ప్రాజెక్టులో మూడో దశ అవకాశం 60 శాతం అనుకున్నాం. అందులో ఎలుకల పరీక్ష దాటడం 80 శాతం, మిగతా దశ దాటడం 75 శాతం అనుకుందాం. రెండూ హెచ్చిస్తే అదే 60.

మూడో దశ 300 కోట్లలో ఈ పరీక్ష వాటా 5 కోట్లు అనుకుని, దాన్ని రెండో దశతో పాటే మొదలుపెడితే? ఆ 5 కోట్లు ముందుగా, ఎక్కువ సందర్భాల్లో ఖర్చు పెట్టాల్సి వస్తుంది. కానీ ఎలుకల్లో తేడా వచ్చిన మందు మీద 295 కోట్లు పెట్టే అవసరం తప్పుతుంది. మార్కెట్‌కు చేరే అవకాశం పాత 8.1 శాతమే, ఆదాయం అంతే, కాలం అంతే. అయినా విలువ 18 నుంచి 23 కోట్లకు పెరుగుతుంది. వరుస మార్చినందుకే 5 కోట్లు.

రాగాగ్లిటజార్‌తో పాటు ఆ కోవకు చెందిన మరికొన్ని మందుల్లోనూ జంతువుల్లో కణితులు కనిపించడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధన మార్చింది. ఆ కోవ మందులను ఆరు నెలలకు మించి మనుషులకు ఇవ్వాలంటే రెండేళ్ళ ఎలుకల పరీక్ష ముందే పూర్తి కావాలంది. రోగుల భద్రత కోసం పెట్టిన నియమం అది. డబ్బు లెక్క కూడా అదే వరుసను సూచిస్తుంది.

ఈ అంకె చెప్పనిది

18 కోట్లు వెల అన్నంత మాత్రాన ఎవరి చేతికీ 18 కోట్లు రావు. వందలో యాభైసార్లు 20 కోట్లు పోతాయి. ముప్పై అయిదుసార్లు ఈరోజు విలువలో 75 కోట్ల దాకా పోతాయి. ఏడుసార్లు 300 కోట్ల పైచిలుకు మునుగుతాయి. ఎనిమిదిసార్లు మాత్రం 900 కోట్లకు పైగా మిగులుతుంది. వీటన్నిటి సగటు 18.

సగటు నిజం కావాలంటే ఆట చాలాసార్లు ఆడగలగాలి. ఇలాంటి మాలిక్యూల్స్ పది చేతిలో ఉన్నా, ఒక్కటీ మార్కెట్‌కు చేరకపోయే అవకాశం 43 శాతం. పెద్ద కంపెనీ ఆ దెబ్బ తట్టుకుంటుంది. ఒకే మాలిక్యూల్ ఉన్న చిన్న కంపెనీ తట్టుకోలేదు. అందుకే లెక్క లాభమని చెప్పినా చిన్న కంపెనీ మొదటి దశ తర్వాత లైసెన్సు ఇచ్చేసి భారాన్ని పెద్దవాళ్ళకు అప్పగించడం తెలివైన పనే.

ఫలానా కంపెనీ కొత్త మందు విలువ వేల కోట్లని వార్త చదివితే, షేర్లు కొనే ముందు మూడు సంగతులు చూడండి. మందు ఏ దశలో ఉంది? ఆ విలువలోంచి ఓడిపోయే అవకాశాన్ని తీసేశారా? ఓడితే తట్టుకోవడానికి కంపెనీ దగ్గర ఇంకేముంది? ఈ మూడింటికీ జవాబు లేని వేల కోట్లు, అన్ని తలుపులూ తెరుచుకుంటేనే వచ్చే వేల కోట్లు.