చివర చల్లారిన చోటే లాగుడు

విమానం రెక్క లోపలి భాగాలు చాలావరకు మందపాటి అల్యూమినియం ప్లేటును తొలిచి చేసినవే. మిల్లింగ్ మెషిన్ మీద ప్లేటు పైవైపు లోహం తీసేసి క్లాంపులు వదలగానే, ఒక్కోసారి దాని రెండు చివరలూ పైకి లేస్తాయి. కోత సరిగ్గానే ఉంటుంది. ప్లేటును వంచిన బలం మాత్రం దాన్ని నీళ్లతో చల్లార్చిన రోజునే అందులో చేరి కూర్చుంది.

100 మిల్లీమీటర్ల మందమున్న ప్లేటు తీసుకుందాం. బలం పెంచడానికి దాన్ని సుమారు 470 డిగ్రీల సెల్సియస్ దాకా కాచి, చన్నీళ్లతో గబగబా చల్లారుస్తారు. ముందు పై పొర చల్లబడి కుంచించుకోబోతుంది. లోపలి లోహం ఇంకా వేడిగా, వ్యాకోచించే ఉంటుంది కనుక దాన్ని కుంచించుకోనివ్వదు. అప్పుడు పైన లాగుడు, లోపల నొక్కుడు. రెంటికీ 200 డిగ్రీల తేడా ఉందనుకుంటే, మీటరు పొడవులో 4.6 మిల్లీమీటర్ల తేడా రావాలి. వేడి మీద మెత్తబడిన అల్యూమినియం అంత తేడాను స్ప్రింగులా ఓర్చుకోలేదు. పై పొర కొంచెం సాగి అలాగే ఉండిపోతుంది, లోపలి భాగం కొంచెం కురచవుతుంది.

కాసేపటికి లోపలి లోహమూ చల్లబడుతుంది. అసలే కురచైన ఆ భాగం ఇంకా కుంచించుకోబోతే, ఈసారి అప్పటికే చల్లారి గట్టిపడిన పై పొర అడ్డుపడుతుంది. బలాలు తారుమారవుతాయి: లోపల లాగుడు, పైన నొక్కుడు. రెండూ సరితూగుతాయి కనుక ప్లేటు చదునుగానే కనిపిస్తుంది. పైవైపు తీసేస్తే అక్కడి నొక్కుడు పోతుంది. బయటపడ్డ లోపలి లోహం ముడుచుకుంటుంది, అడుగు పొర సాగుతుంది, చివరలు లేస్తాయి.

దీనికి విరుగుడు చూస్తే వింతగా ఉంటుంది. చల్లార్చిన ప్లేటు ఇంకా మెత్తగా ఉండగానే రెండు చివరలూ పట్టి పొడవును 1.5 నుంచి 3 శాతం దాకా సాగదీస్తారు. పొరల మధ్య ఉన్న తేడా అర శాతం లోపే. అన్ని పొరలూ అంతకు మించి సాగేసరికి వాటిలోని బలం దాదాపు ఒకే స్థాయికి వస్తుంది, వదిలాక ఒకేలా దిగిపోతుంది.

వెల్డింగులో చివర చల్లారేది అతుకు. అందుకే లాగుడు అక్కడే మిగులుతుంది, లోహం సాగిపోయే హద్దు దాకా కూడా వెళ్లొచ్చు. మందపాటి ప్లేటులో ఆఖరి వరసలు పైభాగాన పడతాయి కనుక లాగుడు పైకే వస్తుంది. పగుళ్లు సాధారణంగా మొదలయ్యేదీ అక్కడే. అతికిన ఉక్కు పాత్రను సాగదీయలేం. దాన్ని 600 డిగ్రీల దగ్గర, 25 మిల్లీమీటర్ల మందానికి గంట లెక్కన ఉంచి, నెమ్మదిగా చల్లారుస్తారు.

గట్టిపరిచే ఉక్కుకు మాత్రం ఈ లెక్క నేరుగా చెల్లదు. గట్టిపడేటప్పుడు ఉక్కు ఉబ్బుతుంది. పై పొర ముందే గట్టిపడి, లోపలి భాగం తర్వాత ఉబ్బితే పైన లాగుడు మిగులుతుంది. అలాంటి ముక్క గంటల తర్వాత కూడా పగలొచ్చు, అందుకే దాన్ని ఆలస్యం చేయకుండా టెంపరింగ్ కొలిమికి పంపుతారు.